పద్దెనిమిది దాటిన రుజువు

మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. ఆవిడ మోకాళ్ళకి నూనె రాసేది నేను, పొద్దున్నే బీపీ మాత్ర గుర్తుచేసేది నేను. అలాంటి మనిషికి పద్దెనిమిదేళ్ళు నిండాయనడానికి తగిన రుజువు లేదని తేల్చిపారేసింది కూడా నేనే. ఆఫీసు కుర్చీలో కూర్చుని, ఒంటి మీద పూర్తి తెలివితో, ఒక్క మీట నొక్కి ఆ ఘనకార్యం చేశాను.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. లేకపోతే నా తెలివితక్కువతనం లోతు సరిగ్గా తెలియదు.

మాది వయసు తనిఖీ చేసే కంపెనీ. మందు సీసాలు ఇంటికి పంపే దుకాణాలు, పందేల సైట్లు, పెద్దలకు మాత్రమే అని రాసుకునే సైట్లు మాకు పని ఇస్తాయి. లోపలికి వెళ్ళాలనుకున్న మనిషి తన గుర్తింపు కార్డు ఫోటో తీస్తాడు, తర్వాత తన ముఖం చిన్న వీడియో తీస్తాడు. తల ఎడమకి తిప్పు, కుడికి తిప్పు, కళ్ళు మూసి తెరువు అని ఫోను చెప్పినట్టల్లా చెయ్యాలి. నూటికి తొంభై అయిదు కంప్యూటరే తేల్చేస్తుంది. తేల్చుకోలేనివి మా బల్లల దగ్గరికి వస్తాయి. తెరకి ఎడమపక్క కార్డు, కుడిపక్క వీడియో, ఒక్కోదానికి నలభై సెకన్లు.

మేం చూసేవి మూడు. కార్డు అసలుదేనా? కార్డులో ముఖమూ వీడియోలో ముఖమూ ఒకరివేనా? ఆ వీడియోలో ఉన్నది ప్రాణమున్న మనిషేనా, లేక ఎవరైనా ఫోటో పట్టుకుని కెమెరా ముందు ఆడిస్తున్నారా? మూడూ సరిపోతే ఇక పుట్టినతేదీ నుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడమే.

నాలుగో ప్రశ్న ఒకటుంది. తనిఖీ అయిపోయాక ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? దానికి మా దగ్గర జవాబు లేదు. ఏ కార్డూ చెప్పదు, ఏ ముఖమూ చెప్పదు. ఒక పెద్దమనిషి ఫలానా రోజు ఫలానా నిమిషంలో కెమెరా ముందు కూర్చున్నాడు అని మాత్రమే మేం చెప్పగలం. ఆయన లేచి వెళ్ళాక ఆ కుర్చీలో పదమూడేళ్ళ కొడుకు కూర్చుంటే మాకు కనపడదు. మామయ్యని బతిమాలుకున్నవాళ్ళనీ, అక్కని బెదిరించినవాళ్ళనీ, నిద్రమత్తులో ఉన్న బాబాయి మొహం మీద ఫోను పెట్టి ఇటు తిరుగు అటు తిరుగు అన్నవాళ్ళనీ ఆరేళ్ళుగా చూస్తున్నాను. అందుకే నాకు ఎవరి ముఖం చూసినా ముందు దాని వెనక ఎవరున్నారా అనిపిస్తుంది. ఈ జబ్బు ఇంటికి కూడా వెంట వచ్చిందని అప్పటికి నాకు తెలియదు.

నా పక్క బల్ల దగ్గర ఉండేవాణ్ణి అందరం భూతద్దం అంటాం. ప్రతి కార్డునీ పదింతలు పెద్దది చేసుకుని అంచులు చూస్తాడు. నెమ్మది మనిషి, నీతిమంతుడు. నలభై సెకన్లు దాటాడని వారానికోసారి చీవాట్లు తింటాడు.

బుధవారం పదకొండు గంటలప్పుడు నా తెర మీదకి ఒక కార్డు వచ్చింది. ఎడమపక్క మా అత్తగారు.

మొదట నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ళ కిందటి ఫోటో, నల్లటి జుట్టు, ఆస్పత్రి ప్రసూతి వార్డులో పెద్ద నర్సుగా ఉన్నప్పటి గంభీరం. కుడిపక్క, ముందురోజు సాయంత్రం తీసిన వీడియోలో కూడా ఆవిడే, తెల్లజుట్టుతో, ఆకుపచ్చ శాలువా కప్పుకుని, మా ఇంటి వంటింటి గోడ ముందు. ఎడమకి తిరగమంటే కుడికి తిరిగారు. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆవిడ గడ్డం పట్టుకుని మెల్లగా ఎడమకి తిప్పింది. ఆ చేతి చిటికెన వేలు చివర కాస్త వంకర. మూడేళ్ళప్పుడు తలుపు సందులో పడి నలిగిన వేలు అది. మా అమ్మాయిది.

పైన సైటు రకం రాసి ఉంది. పెద్దల పరిచయాలు, పద్దెనిమిది దాటినవారికి మాత్రమే.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు.

కింద ఇంకో వరస ఉంది. ఖాతా తెరిచి ఏడు నెలలు అయిందట. కొత్త చట్టం వచ్చాక పాతవాళ్ళు కూడా వయసు రుజువు చేసుకోవాలన్నారు. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు చేసుకోకపోతే ఖాతా, అందులో రాసుకున్న ఉత్తరాలు, అన్నీ చెరిపేస్తారు. చాలా సైట్లు ముఖం చూసి వయసు అంచనా వేస్తే సరిపెట్టుకుంటాయి, కార్డు అడగవు. ఈ సైటువాళ్ళు మాత్రం పాత ఫోటోలు పెట్టి మోసాలు చేసేవాళ్ళ బెడద పడలేక కార్డే కావాలన్నారు. అందుకని పిల్ల నానమ్మని కూర్చోబెట్టింది. నానమ్మకి ఏదో అబద్ధం చెప్పి ఉంటుంది. ఏడు నెలలు! ఏడు నెలలుగా నా కూతురు మొహం తెలియని మగాళ్ళతో మాట్లాడుతోంది, నేనేమో ఊరందరి పిల్లలకీ కాపలా కాస్తున్నాను.

మా దగ్గర ఒక నియమం ఉంది. తెర మీద తెలిసిన మనిషి కనపడితే వెంటనే ‘తెలిసినవారు’ అనే మీట నొక్కి వదిలెయ్యాలి. అది ఇంకొకరికి వెళ్తుంది. తీర్పు మనది కాదు, చూసింది బయట చెప్పకూడదు. చేరినరోజే సంతకం పెట్టించుకుంటారు.

నొక్కితే అది భూతద్దానికి వెళ్తుంది. వాడు అంచులు చూస్తాడు, ముక్కు చూస్తాడు, చెవి తమ్మె చూస్తాడు. అన్నీ కలుస్తాయి. పక్కనుంచి చెయ్యి వచ్చిందే అని ఒక్క క్షణం ఆగుతాడు, పెద్దావిడకి ఎవరో సాయం చేశారులే అనుకుంటాడు. పచ్చ టిక్కు పెట్టేస్తాడు. పెట్టడం సరైన పనే. ఎందుకంటే ఆ చెయ్యి ఎవరిదో వాడికి తెలియదు, నాకు తెలుసు.

తిరస్కరించడానికి మూడు కారణాలు ఉంటాయి. కార్డు స్పష్టంగా లేదు అంటే మళ్ళీ తీసి పంపవచ్చు. ముఖం కలవలేదు అన్నా మళ్ళీ ప్రయత్నించవచ్చు. మూడోది, వేరొకరి కోసం చేసినట్టు అనుమానం. అది నొక్కితే ఖాతా అక్కడికక్కడే మూతపడుతుంది, ఇక అప్పీలు చేసుకోవలసిందే. నేను మూడోది నొక్కాను. ముప్పై ఏడో సెకనులో.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మోకాళ్ళ వ్యాయామానికి క్లినిక్కి వెళ్ళి ఉన్నారు. మా ఆయన రైల్లో గార్డు, ఆయన ఇంట్లో ఉండే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పిల్ల బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

“నానమ్మ కార్డు ఎందుకు తీశావు?” అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

పిల్ల పెన్ను ఆగిపోయింది. “ఏ కార్డు?”

“నాటకాలు వద్దు. నానమ్మని కూర్చోబెట్టి ఫోనుతో ఏం తీశావు?”

“నీకెలా తెలుసు?”

చెప్పకూడదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని గొంతు పెంచాను. జవాబు లేనప్పుడు నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. “ఎలా తెలిస్తే నీకెందుకు? అవునా కాదా చెప్పు!”

పిల్ల నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. మొహంలో ఏదో తలుపు వేసుకున్నట్టు అయింది. “తీశాను” అంది.

“ఎందుకు?”

“చెప్పను.”

“చెప్పవా?”

“చెప్పనమ్మా. నువ్వు ఏమైనా చేసుకో.”

నేను చెయ్యగలిగిందంతా చేశాను. ఫోను లాక్కున్నాను. శనివారం ఈత పోటీలకి పక్క ఊరు వెళ్ళాలని రెండు నెలలుగా తెల్లవారకముందే లేచి సాధన చేస్తోంది, వెళ్ళేది లేదన్నాను. అప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోరు విప్పలేదు. ఆ మౌనం చూసి నా అనుమానానికి కొమ్ములు వచ్చాయి. తప్పు చెయ్యనివాళ్ళు ఇలా బిగుసుకుంటారా అనుకున్నాను. ఫోను తెరిచి చూద్దామంటే తాళం సంఖ్య చెప్పలేదు. నేను అలమారులో పెట్టి తాళం వేశాను. రాత్రి భోజనాలదగ్గర ముగ్గురమూ ఎవరి పళ్ళెంలోకి వాళ్ళం చూసుకుంటూ తిని లేచాం. అత్తగారు కూడా ఎందుకో పరధ్యానంగా ఉన్నారు, నేను పట్టించుకోలేదు.

గురువారం పొద్దున్న పిల్ల బడికి వెళ్ళాక అత్తగారు టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. రెండో చేతిలో ఆవిడ గుర్తింపు కార్డు ఉంది.

“అమ్మాయ్, నిన్నో మాట అడగనా? నవ్వకూడదు.”

“అడగండి అత్తయ్యా.”

“ఈ కార్డుకి గడువు ఏమైనా అయిపోయిందా? నీ ఆఫీసులో ఇలాంటివే చూస్తారుగా.”

చెయ్యి తుడుచుకుని కార్డు అందుకున్నాను. గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది. అది నాకు నిన్ననే తెలుసు.

“బాగానే ఉందండీ. ఎందుకు?”

ఆవిడ గ్లాసులోకి చూస్తూ చెప్పారు. “ఒకచోట నా వయసు నమ్మలేదు. పద్దెనిమిది దాటాయో లేదో తెలియడం లేదట.” నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు. “నేను పురుడు పోసిన పిల్లలకే యాభై దాటాయి అమ్మాయ్. పుట్టిన గంట, నిమిషం నా చేత్తో రాసినవి వేలు ఉంటాయి. నా తేదీ మాత్రం మా హెడ్మాస్టరు తోచింది వేశాడు, అది వేరే సంగతి. ఎటు చూసినా ఒకటో రెండో తేడా ఉంటుంది గానీ పద్దెనిమిది నిండకపోవడం ఏమిటి?”

“ఎక్కడ అత్తయ్యా?”

“పెద్దవాళ్ళు పరిచయాలు చేసుకునే చోటు ఉంది. నా స్నేహితురాలు చెబితే చేరాను. మీ మామగారు పోయాక తొమ్మిదేళ్ళు అయిందిగా.” ఇక్కడ ఆగారు. తర్వాత నిబ్బరంగా, వార్డులో నర్సులకి చెప్పినట్టు చెప్పారు. “ఒకాయన ఉన్నాడు. బస్సుల మెకానిక్కుగా చేసి మానేశాడు. రోజూ పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి రాసుకుంటాం. తను ఏం వండుకున్నాడు, ఏం మాడబెట్టాడు, అంతే. ఏడు నెలలుగా ఒక్కరోజు మానలేదు. కార్డు అడిగారని పిల్లని సాయం అడిగాను. ఎవరితో అనొద్దని ఒట్టు వేయించుకున్నాను. నువ్వేమనుకుంటావో, మీ ఆయన ఏమంటాడో అని. నిన్న మధ్యాహ్నం నుంచి తలుపు తెరుచుకోవడం లేదు. రేపు ఆరింటికి అన్నీ తీసేస్తారట. ఆయన రాసినవన్నీ.”

ఒట్టు. ఈత పోటీలు పోయినా నోరు విప్పలేదు పిల్ల. నాకు తల కొట్టేసినట్టయింది. కుర్చీలో కూర్చున్నాను.

“అత్తయ్యా, తిరస్కరించింది నేను.”

ఆవిడకి అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. తెర, ఎడమపక్క, కుడిపక్క, గడ్డం పట్టుకున్న చెయ్యి, మూడో కారణం. చెప్పకూడని సంగతులు చెబుతున్నానని తెలుసు. నియమం నిన్నే విరిచాను, ఇవాళ ముక్కలు దాచి లాభం లేదు.

ఆవిడ అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

“నా కార్డు చూశావు. నా ముఖం చూశావు. రెండూ నావేనని ఈ లోకంలో నీకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు” అన్నారు. “అయినా, నేనయి ఉంటానని నీకు తోచలేదు.”

“పిల్ల చెయ్యి కనపడేసరికి భయం వేసింది...”

“పిల్లకి భయపడటం తప్పు కాదమ్మా. ఆ చోట నేను ఉండొచ్చని ఒక్కసారైనా అనుకోలేదే, దాని గురించి అంటున్నాను.”

నిజమే. మాత్రలు గుర్తొచ్చాయి, మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషి గుర్తు రాలేదు.

ఆఫీసుకి వెళ్ళి నేరుగా మా టీమ్ లీడ్ గది తలుపు తట్టాను. పొడవాటి మనిషి, మాట తక్కువ. నిలబడే చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

“గుర్తుపట్టారా?”

“గుర్తుపట్టానండి.”

“అయినా మీరే తేల్చారు.”

“తేల్చానండి. ఇంట్లో కూడా చెప్పాను.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నేనయితే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదమ్మా. నాకూ ఒక అబ్బాయి ఉన్నాడు. కానీ ఇప్పుడు నేను చెయ్యాల్సింది మాత్రం తెలుసు.” ఆ చెయ్యాల్సింది ఏమిటంటే, నా ఫైలులో హెచ్చరిక, నెలరోజులు తెర ముందుకి రాకుండా కాగితాల పని, నియమాల పరీక్ష మళ్ళీ మొదటి నుంచి. ఉద్యోగం పోలేదు. అంతకంటే ఎక్కువ కోరుకునే మొహం కూడా లేదు నాకు.

“ఆ కేసు?” అన్నాను.

“మీరు అడగకూడదు.” తర్వాత గొంతు తగ్గించాడు. “ఆవిడ అప్పీలు పెట్టుకోవాలి. మిమ్మల్ని తెలియనివాళ్ళ దగ్గరికి, వేరే ఊళ్ళో ఉన్న టీముకి వెళ్తుంది. కొత్త వీడియో అడుగుతారు. సాయం ఉండొచ్చు, తప్పులేదు. పెద్దవాళ్ళకి సాయం చేస్తే నేరమని మన పుస్తకంలో ఎక్కడా లేదు.”

నిజమే, లేదు. అది నేను మూడుసార్లు చదివిన పుస్తకం.

గురువారం సాయంత్రం పిల్ల బడి నుంచి రాగానే అలమారు తాళం తీసి ఫోను చేతిలో పెట్టాను. “నేను తప్పుగా అనుకున్నాను. శనివారం నువ్వు పోటీకి వెళ్తున్నావు” అన్నాను. అంతకంటే మంచిగా చెబుదామని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

“నానమ్మ చెప్పేసిందా?”

“చెప్పారు.”

“అయితే ఇప్పుడు నమ్ముతావన్నమాట” అంది. ఫోను తీసుకుంది, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

అప్పీలు కాగితం అత్తగారూ నేనూ కలిసి నింపాం. అంటే ఆవిడ చెప్పారు, టైపు కూడా ఆవిడే చేశారు, నేను ఏ గడిలో ఏముండాలో చూపించాను. కారణం రాయమన్నచోట ఆవిడ చాలాసేపు ఆలోచించి, ‘నేను నేనే’ అని రాశారు. ఇంకాస్త వివరంగా రాస్తే బాగుంటుందన్నాను. “ఇంతకంటే వివరం నా దగ్గర లేదు” అన్నారు.

పంపించాక ఆవిడ నన్ను కూర్చోమన్నారు.

“అమ్మాయ్, ఆయన పేరు పక్కన పదిరోజుల కిందట పచ్చ టిక్కు వచ్చింది. అంటే ఆయన సంగతి మీరు చూశారన్నమాట.”

“మేమో, కంప్యూటరో.”

“ఆ టిక్కు ఏం చెబుతుంది? ఆయనకి డెబ్బై అనా? నిజంగానే మెకానిక్కుగా చేశాడనా? భార్య పోయిన మాట నిజమేనా?”

“ఏదీ చెప్పదు అత్తయ్యా. పద్దెనిమిది దాటాయి, కార్డూ ముఖమూ ఒకరివే. అంతవరకే.”

“మంచివాడని కాదు.”

“కాదు.”

“మీ ఆఫీసులో వెతికితే తెలుస్తుందా?”

అడగడం కోసం అడిగారో, నన్ను పరీక్షించారో ఇప్పటికీ తెలియదు. “చూసిన కొద్దిరోజులకే చెరిపేస్తాం. చెరపకపోయినా నేను వెతకను. ఒకసారి చేసింది చాలు” అన్నాను.

ఆవిడ తల ఊపారు. “ఆయనా నా గురించి అంతే తెలుసుకున్నాడు. నేను మేజరునని.” అప్పుడు నవ్వారు, కడుపునిండా. “తక్కినదంతా నమ్మకమే అయితే మీరు జీతాలు దేనికి తీసుకుంటున్నారే!” నేను కూడా నవ్వాను. బుధవారం తర్వాత అదే మొదటిసారి. నవ్వు ఆగాక చెప్పాను, డబ్బు అడిగితే పంపొద్దని, కలవాలంటే పట్టపగలు, నలుగురూ ఉన్నచోట, నాకు చెప్పి వెళ్ళమని. “నేను పదిహేనేళ్ళ పిల్లనా?” అన్నారు. “కాదని నేనే రాసివ్వాల్సింది, రాయలేదు” అన్నాను. ఆవిడ నా తల మీద ఒక్కటి మొట్టారు. చిన్నగానే, కానీ నొప్పి పుట్టేలా.

శుక్రవారం మధ్యాహ్నం దాకా జవాబు లేదు. నేను సెలవు పెట్టాను. ఆవిడ తన గదిలో శాలువా మడతలు పెట్టడం, విప్పడం, మళ్ళీ పెట్టడం. మూడున్నరకి ఫోను మోగింది, కొత్త వీడియో పంపమని. పిల్ల అప్పుడే బడి నుంచి వచ్చింది.

“నేను తీస్తాను” అన్నాను.

“నువ్వు వద్దు” అన్నారు అత్తగారు, ఏ కోపమూ లేకుండా. “అది తీస్తుంది.”

వాళ్ళిద్దరూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. లోపల పిల్ల గొంతు ఓపిగ్గా చెబుతోంది. “నానమ్మా, ఎడమంటే నీ ఎడమ. ఫోను ఎడమ కాదు.” “కళ్ళజోడు తియ్యమంటోందే, తీస్తే నాకు ఏమీ కనపడదు.” “నువ్వు చూడక్కర్లేదు, అది నిన్ను చూస్తుంది.” “అదేం మర్యాదే!” తీశారు. పంపారు.

నాలుగున్నర అయింది. అయిదు అయింది. వేరే ఊళ్ళో, మొహం తెలియని ఎవరో ఒక మనిషి నలభై సెకన్లలో మా అత్తగారిని చూస్తాడు. ఆవిడ ఎవరో, ఎన్ని పురుళ్ళు పోశారో, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో వాడికి తెలియదు. తెలియకపోవడమే మంచిదని నాకు మొదటిసారి అనిపించింది. వాడు కార్డు చూస్తాడు, ముఖం చూస్తాడు, అంతకంటే తనకి తెలుసని అనుకోడు.

అయిదూ నలభైకి పిల్ల కేక పెట్టింది. నేను పరుగెత్తాను. ఖాతా తెరుచుకుంది. అత్తగారి పేరు పక్కన చిన్న పచ్చ టిక్కు.

ఆవిడ టిక్కు వంక చూడలేదు. ఉత్తరాల పేజీ తెరిచారు. బుధవారం మధ్యాహ్నం నుంచి అక్కడ పద్నాలుగు ఉత్తరాలు ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని మొదటిది చదివారు, రెండోది చదివారు, తర్వాత ఫోను మనవరాలి చేతికి ఇచ్చి, “నాకు అక్షరాలు ఆనడం లేదు, నువ్వు చదువు” అన్నారు. అక్షరాలు ఆనకపోవడానికి కారణం కళ్ళజోడు కాదు.

పిల్ల చదివింది. మొదటిది బుధవారం సాయంత్రంది. ‘ఇవాళ సాయంత్రం రాయలేదేం? ఒంట్లో బాగాలేదా?’ తర్వాతది గురువారం పొద్దుటిది. ‘టీ పెట్టుకున్నాను. నీ ఉత్తరం లేకుండా తాగాలనిపించక పారబోశాను.’ ఆ తర్వాత అన్నీ చిన్నవి. ‘ఆస్పత్రిలో ఉన్నావా?’ ‘మీ ఇంటి నంబరు అడగని వెధవని నేను.’ ‘ఎవరిని అడగాలో తెలియడం లేదు.’ చివరిది ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి రాసింది. పిల్ల దాని దగ్గర ఆగిపోయింది. “చదువు” అన్నారు అత్తగారు.

‘మా ఆవిడ కూడా ఇలాగే చెప్పకుండా పోయింది. నువ్వు వెళ్ళిపోయావని అర్థమైంది. ఇది నువ్వు చదవవని తెలుసు. చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆవిడకి ఒక మెకానిక్కు నమస్కారం చెప్పాడని చెప్పండి.’

నేను గోడకి ఆనుకున్నాను. నేను ఒక ఖాతా మూశాననుకున్నాను. నలభై సెకన్లు కూడా పూర్తికాకుండా, ఎక్కడో ఒక ముసలాయన ఇంట్లో మనిషి పోయినంత పని చేశాను. ఆ వయసులో రెండు రోజులు జవాబు రాకపోతే ఇంకేం అనుకుంటారు? ఆయన ఎవరో నాకు తెలియదు, ఎప్పటికీ క్షమాపణ చెప్పలేను కూడా.

అత్తగారు ఫోను తీసుకున్నారు. ఒక అక్షరం కొట్టి తప్పుపడి చెరిపారు, మళ్ళీ కొట్టారు. పిల్ల సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డుపెట్టారు. ఆవిడ రాసింది ఒక్క మాటే, నాకు అంత దూరం నుంచి కూడా కనపడింది.

‘ఉన్నాను.’